రెండు నెలలు అందుబాటులో లేకపోతే ఆటో రిప్లైలో ఏం రాయాలి, ఎవరి నంబర్ ఇవ్వాలి?

జీమెయిల్‌లో ఆటో రిప్లై ఆన్ చేయడం ఒక నిమిషం పని. ఆ బాక్స్‌లో ఏం టైప్ చేయాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు. నేనూ మొదటిసారి నెట్‌లో దొరికిన నాలుగు లైన్లు కాపీ కొట్టి పెట్టేశాను. దానివల్ల మా బృందం ఒక దసరా ప్రోగ్రాం పోగొట్టుకుంది. ఈసారి ఫోన్ రివ్యూ పక్కనపెట్టి, ఆ నాలుగు లైన్లలో ఎక్కడ తేడా కొట్టిందో, తర్వాత ఎలా మార్చానో చూద్దాం.

మాది కూచిపూడి. విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా వస్తే తగిలే ఊరు. మా మావయ్య నాట్య బృందానికి మెయిల్స్, వాట్సాప్, ప్రోగ్రాం బుకింగ్స్ అన్నీ నేనే చూస్తాను. స్టేజీ దగ్గర సౌండ్, లైట్లు కూడా నావే కాబట్టి, బృందం అమెరికా టూర్‌కి వెళ్తే నేనూ వెళ్లాల్సిందే. అక్కడి తెలుగు సంఘాల కార్యక్రమాలు ఎక్కువగా వేసవి సెలవుల్లోనే ఉంటాయి. అంటే జూన్, జూలై మొత్తం మేం ఊళ్లో ఉండం. ఇక్కడి ఉత్సవ కమిటీలు దసరా ప్రోగ్రాంల కోసం ఆరా తీసేది కూడా సరిగ్గా ఆ రెండు నెలల్లోనే. ఇదీ అసలు చిక్కు.

2023లో నేను పెట్టిన మెసేజ్ ఇది:

> నమస్తే. నేను జూన్ 6 నుంచి ఆగస్టు 9 వరకు విదేశాల్లో ఉంటాను. మీ మెయిల్‌కు జవాబు ఆలస్యం కావచ్చు. అత్యవసరమైతే కింది ఇద్దరిలో ఎవరినైనా సంప్రదించగలరు. ధన్యవాదాలు.

కింద రెండు నంబర్లు. ఒకటి ఊళ్లోనే ఉండే మా మృదంగం మాస్టారిది, రెండోది విజయవాడలో ఉద్యోగం చేసే మా అన్నయ్యది. చూడ్డానికి బాగానే ఉంది కదా? మర్యాదగా ఉంది, తేదీలున్నాయి, నంబర్లున్నాయి.

జూలైలో ఒక ఊరి కమిటీ వాళ్లు దసరాల్లో మూలా నక్షత్రం రోజు కావాలని మెయిల్ పెట్టారు. ఆటో రిప్లై చూసి మాస్టారికి ఫోన్ చేశారు. మాస్టారు పెద్దమనిషి, కాదనడం తెలియదు. "ఖాళీగానే ఉన్నట్టుందండీ, అబ్బాయి వచ్చాక ఖాయం చేస్తాడు" అన్నారు. వాళ్లు దాన్ని ఖాయం కిందే తీసుకున్నారు. నాలుగు రోజుల తర్వాత ఇంకో ఊరివాళ్లు అదే రోజు కోసం మా అన్నయ్యకి ఫోన్ చేశారు. వాడు గూగుల్ క్యాలెండర్ చూశాడు, ఆ రోజు ఖాళీ. సరేనని అడ్వాన్స్ కూడా తీసుకున్నాడు. ఆగస్టులో నేను దిగేసరికి ఒకే సాయంత్రానికి రెండు ఊళ్లు, ఒక ఊళ్లో కరపత్రాలు కూడా అచ్చయిపోయాయి. మొదటి కమిటీకి క్షమాపణ చెప్పుకున్నాం. వాళ్లు మళ్లీ మమ్మల్ని పిలవలేదు.

తప్పు మాస్టారిదీ కాదు, అన్నయ్యదీ కాదు. తప్పు నా నాలుగు లైన్లది. అందులో నాలుగు మాటలున్నాయి. ఒక్కోటీ విప్పి చూద్దాం.

"అత్యవసరమైతే"

ఈ మాట దాదాపు ప్రతి ఆటో రిప్లైలోనూ కనిపిస్తుంది. మన ఉద్దేశం చిన్న చిన్న వాటికి ఇబ్బంది పెట్టకండి అని. కానీ చదివేవాళ్లు ఏమనుకుంటారో ఆలోచించండి. నిజంగా ప్రోగ్రాం ఇచ్చే పెద్దాయన, "దసరాకి ఇంకా మూడు నెలలుంది, ఇదేం అత్యవసరం" అనుకుని ఆగిపోతాడు. ఆగస్టు దాకా ఆగుదామనుకుని, ఈలోపు ఇంకో బృందం దొరికితే వాళ్లకి ఇచ్చేస్తాడు. వెబ్‌సైట్ చేసిపెడతాం, లోన్ ఇప్పిస్తాం అనేవాళ్లు మాత్రం మొహమాటం లేకుండా ఆ నంబర్లకి ఫోన్ చేస్తారు. ఆ రెండు నెలల్లో మాస్టారికి వచ్చిన అనవసరపు కాల్స్ గురించి ఆయన ఇప్పటికీ నవ్వుతూ దెప్పుతుంటారు.

అందుకే ఇప్పుడు ఎంత తొందర అని అడగడం మానేసి, పని పేరు రాస్తున్నాను. "ప్రోగ్రాం తేదీల కోసం", "బిల్లులు, రసీదుల కోసం". చదివేవాళ్లు తమ పని ఏదో చూసుకుంటారు, తొందర ఎంతో తూకం వేసుకోనక్కర్లేదు. మీ దగ్గరికి ఎలాంటి మెయిల్స్ వస్తాయో తెలియాలంటే గత ఏడాది అవే నెలల ఇన్‌బాక్స్ ఒకసారి తెరవండి. నేను జీమెయిల్ సెర్చ్‌లో ఇది కొట్టి చూశాను:

```
in:inbox after:2024/06/05 before:2024/08/10
```

ప్రకటనలు తీసేస్తే మిగిలినవన్నీ మూడు కుప్పల్లోకి వచ్చాయి. తేదీ ఖాళీ ఉందా అనేవి ఎక్కువ, డబ్బు కాగితాల గురించి కొన్ని, పిల్లలకి నాట్యం నేర్పుతారా అని అడిగేవి కొన్ని. నేర్చుకోవడం గురించి అడిగేవాళ్లు ఆగస్టు దాకా ఆగగలరు. అంటే మనుషులు కావాల్సింది రెండు పనులకే.

"ఇద్దరిలో ఎవరినైనా"

ఒకరు ఎత్తకపోతే ఇంకొకరు ఎత్తుతారని ఇద్దరి నంబర్లు ఇస్తాం. చిన్న సెలవులకి ఇది నడిచిపోతుంది. రెండు నెలల్లో మాత్రం ఒకే పని ఇద్దరి చేతుల్లో ఉంటే ఎవరి దగ్గరా పూర్తి లెక్క ఉండదు. మా విషయంలో జరిగింది అదే. మాస్టారు ఫోన్లో ఒక మాట చెప్పారు, అది ఆయన మనసులోనే ఉంది. అన్నయ్య చూసిన క్యాలెండర్‌లో అది లేదు.

2025 టూర్‌కి వెళ్లేముందు ఒక పనికి ఒక్కరే అని తేల్చుకున్నాం. తేదీలన్నీ అన్నయ్య దగ్గరే. మా ప్రోగ్రాంల క్యాలెండర్‌ని వాడికి షేర్ చేసి, పర్మిషన్ దగ్గర `Make changes to events` పెట్టాను. చూడటానికి మాత్రమే పర్మిషన్ ఇస్తే వాడు ఖాళీ చూసి చెప్పగలడు కానీ రాయలేడు, మళ్లీ మొదటికే వస్తాం. మాస్టారి నంబర్ మెసేజ్‌లోంచి పూర్తిగా తీసేశాను. ఊళ్లో ఎవరైనా నేరుగా వచ్చి అడిగితే, "విజయవాడ అబ్బాయికి ఫోన్ చేయండి" అని మాత్రమే ఆయన చెప్పాలి. డబ్బు కాగితాలు మా వదిన చూస్తానంది.

ఇక్కడ చాలామంది వదిలేసే లైన్ ఇంకోటి ఉంది. ఆ మనిషి ఏం చేయగలడో, ఏం చేయలేడో మెసేజ్‌లోనే రాయాలి. అన్నయ్య తేదీ ఖాళీ ఉందో లేదో చెప్పగలడు, ఏడు రోజులు ఆ తేదీని ఆపి ఉంచగలడు. పారితోషికం తగ్గించడం, ఒప్పందం మీద సంతకం పెట్టడం వాడి వల్ల కాదు, అది మావయ్య చేయాల్సింది. ఇది రాయకపోతే కమిటీ వాళ్లు వాడితో అరగంట బేరమాడి, చివర్లో "నాకు తెలియదండీ" అనిపించుకుని చిరాకు పడతారు. రాస్తే ఫోన్ చేసేముందే ఏం అడగాలో వాళ్లకి తెలుస్తుంది.

"జవాబు ఆలస్యం కావచ్చు"

ఎంత ఆలస్యం? రెండు రోజులా, రెండు నెలలా? నేను చదువుతున్నానా, లేదా? ఈ మాట దేనికీ జవాబు చెప్పదు. పైగా చాలామంది ఇంకో విషయం అనుకుంటారు: ఆటో రిప్లై వచ్చిందంటే మన మెయిల్ ఆ రెండో మనిషికి కూడా వెళ్లిపోయి ఉంటుందని. వెళ్లదు. జీమెయిల్ ఆటో రిప్లై జవాబు పంపుతుందే తప్ప, వచ్చిన మెయిల్‌ని ఎవరికీ ఫార్వర్డ్ చేయదు. దానికి వేరే ఫిల్టర్ పెట్టుకోవాలి. మేం పెట్టుకోలేదు, ఎందుకంటే ఆ ఇన్‌బాక్స్‌లో బృందం వాళ్ల పాస్‌పోర్టు కాపీల దాకా అన్నీ వస్తాయి. అందుకే "మీ మెయిల్ ఇంకెవరికీ చేరలేదు" అని తేటగా రాసేశాను. కాస్త మొరటుగా అనిపిస్తుందేమో కానీ, ఆ ఒక్క లైన్ చదివాకే వాళ్లు ఫోన్ తీస్తారు.

తిరిగొచ్చే తేదీ విషయంలోనూ ఒక చిన్న జాగ్రత్త. ఫ్లైట్ దిగే తేదీ ఆగస్టు 9 అయితే మెసేజ్‌లో ఆగస్టు 12 రాశాను. అమెరికా నుంచి వచ్చాక రెండు రోజులు పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఆ మధ్యలో ఎవరికి ఏం రాస్తామో మనకే తెలియదు.

"విదేశాల్లో ఉంటాను"

ఆటో రిప్లై మీకు తెలిసినవాళ్లకే వెళ్తుందనుకోకండి. స్పామ్‌లో పడ్డవాటికి, మెయిలింగ్ లిస్టుల ద్వారా వచ్చేవాటికి జీమెయిల్ దాన్ని పంపదు. కానీ స్పామ్‌ని తప్పించుకుని ఇన్‌బాక్స్‌లోకి వచ్చిన ఏ అపరిచితుడికైనా వెళ్తుంది. రెండు నెలలు ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి, మెయిల్ కింద సంతకంలో ఇంటి అడ్రస్‌తో సహా మనమే చేతికిచ్చినట్టు.

దొంగల కంటే నన్ను భయపెట్టింది ఇంకో రకం మోసం. మనం విదేశాల్లో ఉన్నామని తెలిసినవాడు మన పేరుతో ఇంకో మెయిల్ ఐడీ చేసి, "టూర్‌లో ఉన్నాను, ఖాతా మారింది, అడ్వాన్స్ ఈ కొత్త నంబర్‌కి వేయండి" అని కమిటీ వాళ్లకి పంపొచ్చు. మనకి ఫోన్ కలవదు కాబట్టి వాళ్లు సరిచూసుకోలేరు. అందుకే విదేశం, టూర్, ఊరి పేర్లు అన్నీ తీసేశాను. "అందుబాటులో ఉండను" చాలు, కారణం చెప్పక్కర్లేదు. ఖాతా వివరాల గురించి ఒక లైన్ కలిపాను.

జీమెయిల్‌లో దీనికి ఒక ఆప్షన్ ఉంది కదా అంటారేమో: `Only send a response to people in my Contacts`. దాన్ని టిక్ చేస్తే కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్లకి మాత్రమే జవాబు వెళ్తుంది. మాలాంటి వాళ్లకి అది పనికిరాదు. కొత్తగా ప్రోగ్రాం ఇచ్చే కమిటీ మన కాంటాక్ట్స్‌లో ఎందుకుంటుంది? మీకు వచ్చేవన్నీ పాత కస్టమర్ల మెయిల్సే అయితే టిక్ చేసుకోవచ్చు.

ఇప్పుడు మొత్తం కలిపి 2025లో పెట్టిన మెసేజ్ చూడండి. పేర్లు, నంబర్లు తీసేసి ఖాళీలు ఉంచాను, మెయిల్ ఐడీలు ఉదాహరణకి పెట్టినవి:

> నమస్కారం. ఆగస్టు 12 వరకు ఈ మెయిల్ చూసేవారు లేరు. ప్రోగ్రాం తేదీల కోసం ………. గారికి ఫోన్ చేయండి: ……….
>
> మీ మెయిల్ ఇంకెవరికీ చేరలేదు. దయచేసి కింది వారిని నేరుగా అడగండి.
>
> ప్రోగ్రాం తేదీలు: ………. గారు, ఫోన్ ………. (ఉదయం 9 నుంచి రాత్రి 8 వరకు), dates@example.com. తేదీ ఖాళీ ఉందో చెప్పి, మీ కోసం 7 రోజులు ఆపి ఉంచగలరు. పారితోషికం, ఒప్పందం మాత్రం ఆగస్టు 12 తర్వాత.
>
> బిల్లులు, రసీదులు, టీడీఎస్ కాగితాలు: ………. గారు, accounts@example.com. మెయిల్ ద్వారా మాత్రమే.
>
> నాట్య శిక్షణ గురించి అయితే ఆగస్టు 12 తర్వాత మళ్లీ రాయండి.
>
> మా బ్యాంకు ఖాతా మారలేదు. మారిందని ఎవరైనా చెబితే డబ్బు పంపకుండా పై నంబర్‌కి ఫోన్ చేసి అడగండి.

మొదటి లైన్‌లోనే నంబర్ ఎందుకు పెట్టానో గమనించారా? మన కమిటీ పెద్దలు మెయిల్ తెరవరు, ఫోన్‌లో నోటిఫికేషన్ చూసి వదిలేస్తారు. అందులో కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. అక్కడ "మీ మెయిల్‌కి ధన్యవాదాలు, మీ సందేశం మాకెంతో ముఖ్యం" అని రాస్తే నంబర్ కిందికి పోతుంది. దీని కింద ఇదే విషయం ఇంగ్లిష్‌లో కూడా పెట్టాను. పని తెలుగులో జరిగేవాళ్లకి తెలుగు ముందుండాలి. మీకు బెంగళూరు, ముంబై కంపెనీలతో పని ఎక్కువైతే తిరగేయండి.

సెట్టింగ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. ఫోన్‌లో జీమెయిల్ తెరిచి, మూడు గీతల మెనూలో `Settings`, మీ అకౌంట్, అందులో `Vacation responder`. కొన్ని ఫోన్లలో పేరు కాస్త వేరుగా కనిపించొచ్చు. మొదటి రోజు అర్ధరాత్రి 12 గంటలకి మొదలై, చివరి రోజు రాత్రి 11:59కి ఆగుతుంది. చివరి రోజు పెట్టడం తప్పనిసరి కాదు, అందుకే చాలామంది పెట్టరు, సంక్రాంతి దాకా ఆటో రిప్లై పోతూనే ఉంటుంది.

అదే మనిషి మళ్లీ మెయిల్ చేస్తే నాలుగు రోజులు దాటితేనే ఇంకోసారి జవాబు వెళ్తుంది. అంటే వారానికోసారి రాసే మా ఆడిటర్‌కి ప్రతి మెయిల్‌కీ ఇదే మెసేజ్ వచ్చింది. కాబట్టి అందులో జోకులు, పద్యాలు వద్దు, మూడోసారికి విసుగొస్తుంది. మీ ఆఫీసులో అవుట్‌లుక్ ఉంటే లెక్క వేరు. ఆటో రిప్లై ఆన్‌లో ఉన్నంతకాలం ఒక్కొక్కరికి ఒకేసారి వెళ్తుంది, ఆఫీసు వాళ్లకి ఒక మెసేజ్, బయటివాళ్లకి ఇంకో మెసేజ్ పెట్టుకునే వీలుంది. బ్యాంకు ఖాతా లైన్, పనిగంటలు బయటివాళ్ల మెసేజ్‌లో పెట్టండి. లోపలివాళ్లకి ఎవరి దగ్గర ఏ ఫైలుందో చెబితే చాలు.

మెయిల్ ఒక్కటే అయితే ఇంతటితో అయిపోయేది. కృష్ణా జిల్లాలో సగం బుకింగ్స్ వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లోనే వస్తాయి. వాట్సాప్ బిజినెస్‌లో `Away message` అని ఉంటుంది, షెడ్యూల్ పెట్టుకోవచ్చు. కానీ మన ఫోన్‌కి నెట్ ఉన్నప్పుడే అది వెళ్తుంది. 2023లో నాకు ఇది తెలియదు, ఫ్లైట్‌లో ఉన్నంతసేపు వచ్చిన మెసేజ్‌లకి జవాబే పోలేదు. ఇంకోటి, అప్పట్లో అక్కడ సిమ్ మార్చినా పాత నంబర్ మీద వాట్సాప్ వైఫైలో నడుస్తూనే ఉండేది. ఆన్‌లైన్‌లో కనిపించేవాళ్లం, కాల్ చేస్తే మాత్రం స్విచాఫ్ అని వచ్చేది. ఉన్నాడో లేడో తెలియక అవతలివాళ్లు తికమక పడేవారు. అందుకని అక్కడ పెట్టింది ఇంతే:

> ఆగస్టు 12 వరకు ఈ నంబర్‌కి కాల్స్ కలవవు, వాయిస్ మెసేజ్‌లు వినలేను. ప్రోగ్రాం తేదీలకు ………. గారు: ……….

బయల్దేరడానికి రెండు రోజుల ముందు టెస్ట్ చేయండి. ఆటో రిప్లై ఆన్ చేసి, ఇంట్లో ఇంకొకరి అకౌంట్ నుంచి మెయిల్ కొట్టి, వాళ్ల ఫోన్ లాక్ స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో చూడండి. తర్వాత మెసేజ్‌లో ఉన్న నంబర్‌ని అక్కడి నుంచే నొక్కి కాల్ చేయండి. నేను ఇలా చేస్తేనే అన్నయ్య నంబర్‌లో ఒక అంకె తప్పు కొట్టినట్టు బయటపడింది. నంబర్ ఇచ్చేముందు వాళ్లని అడగాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. అడగడంతో పాటు ఆ మెసేజ్ మొత్తం వాళ్లకి చూపించండి. మా వదిన చూశాకే, "ఫోన్ వద్దు బాబూ, మెయిల్ అయితే రాత్రి పిల్లలు పడుకున్నాక చూస్తా" అంది. అందుకే ఆమె దగ్గర మెయిల్ మాత్రమే ఉంది.

2025లో అంతా సాఫీగా జరిగిందా అంటే, ఒక చోట తడబడ్డాం. జూలై 20 నుంచి పది రోజులు అన్నయ్య ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్లాల్సి వచ్చింది. తేదీల పని, క్యాలెండర్ పర్మిషన్ వదినకి మార్చి, హోటల్ గదిలో కూర్చుని ఫోన్‌లోనే మెసేజ్ ఎడిట్ చేశాను. జీమెయిల్‌లో మెసేజ్ మారిస్తే నాలుగు రోజుల లెక్క మళ్లీ మొదలవుతుంది, కాబట్టి ఆ తర్వాత రాసినవాళ్లందరికీ కొత్త వివరాలే వెళ్లాయి. కానీ పాత మెసేజ్ అందుకుని ఇంకా ఫోన్ చేయనివాళ్ల దగ్గర అన్నయ్య నంబరే ఉంటుంది. వాళ్లంతట వాళ్లు మళ్లీ రాస్తే తప్ప కొత్తది అందదు. అందుకని `in:inbox after:2025/06/05 before:2025/07/20` అని వెతికి, తేదీల గురించి అడిగిన ఏడుగురికి విడిగా ఒక్కో లైన్ రాశాను. వాళ్లలో ఇద్దరు ఆ వారంలోనే వదినకి ఫోన్ చేశారు. ఒకరు అడిగింది మళ్లీ మూలా నక్షత్రం రోజే. వదిన క్యాలెండర్ తీసి చూస్తే, అన్నయ్య అప్పటికే ఆ తేదీని ఇంకొకరి కోసం ఆపి ఉంచాడని కనిపించింది. లేదని అప్పుడే చెప్పేసి, మర్నాడు సాయంత్రం ఖాళీ ఉందంది. వాళ్లు ఒప్పుకున్నారు.